నాగేంద్రమ్మ అండ్ సన్స్ వర్సెస్ నడిచే గ్రైండరు

కర్నూలులో వినియోగదారుల ఫోరం ఉన్న వీధిలో ఒక మెట్ల కింద నా టైపు మిషను ఉండేది. అందరూ కంప్యూటర్లు పెట్టుకుంటున్న రోజుల్లో కూడా నేను ఆ తెలుగు టైపు మిషనునే నమ్ముకున్నాను. దానికి రెండు కారణాలు. ఒకటి, కంప్యూటరు కొనే స్తోమత లేదు. రెండు, నాకు కోపమొచ్చినప్పుడు కీలు గట్టిగా బాదుకోవచ్చు. ఫిర్యాదులు రాయించుకోవడానికి వచ్చే మనుషులను చూస్తే నాకు కోపం రాని రోజు ఉండేది కాదు. ఇరవై ఏళ్ళ ఆ ఉద్యోగంలో నన్ను అందరికంటే ఎక్కువగా విసిగించిన మనిషి నాగేంద్రమ్మ. ఆవిడ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆవిడది ఆలూరు వైపు. పెళ్ళై కర్నూలు వచ్చింది. భర్త గంగాధరం పోయాక, చిన్నపిల్ల అయిన కూతురు హరితను పెట్టుకుని దోసె పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టింది. అప్పుడొక హోటలాయన దగ్గరికి వెళ్ళి, రోజూ పిండి నేనిస్తాను అని అడిగింది. ఆయన మర్యాదగానే అన్నాడట. "ఒంటి ఆడమనిషివి తల్లీ. రేపు నీకు జొరమొస్తే మా దోసెలకు పిండి ఎవరిస్తారు?"

ఆ మాట ఆవిడకు ఎంత గుచ్చుకుందంటే, అక్కణ్ణుంచి ఇంటికి పోకుండా నేరుగా బోర్డులు రాసే కంబన్న దగ్గరికి పోయింది. కంబన్న అక్షరానికి ఇంత అని తీసుకునేవాడు. ఉన్న దుడ్లన్నీ అక్షరాల మీద పోసింది. మూడో రోజుకు ఆవిడ రెండు గదుల ఇంటి మీద, తలుపుకంటే వెడల్పుగా ఒక పచ్చ బోర్డు లేచింది.

"శ్రీ నాగేంద్రమ్మ అండ్ సన్స్ ఫుడ్ ఇండస్ట్రీస్. హెడ్డాఫీసు: కర్నూలు. బ్రాంచీలు: ఆలూరు, రాజంపేట, శ్రీశైలం."

సన్స్ ఒక్కరూ లేరు. ఆలూరు బ్రాంచి అంటే చెల్లెలు గిడ్డమ్మ ఇల్లు. ఆమె కూతురికి పేరు పెట్టిన రోజు ఒక బకెట్టు పిండి తీసుకుపోయింది. రాజంపేటలో ఆడబిడ్డ ఉంది, అంతకుమించి ఏమీ లేదు. శ్రీశైలంలో ఒక శివరాత్రికి సత్రంలో పదిమందికి దోసెలు పోసింది. అంతే, మూడు బ్రాంచీలు. అయితే బోర్డు పని చేసింది. వెనక ఇంత పెద్ద కంపెనీ ఉందా అనుకుని హోటలాయన మరుసటి వారమే ఆర్డరిచ్చాడు, ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు ఇచ్చారు. పన్నెండేళ్ళు ఆ బోర్డు కింద, తెల్లవారుజామున లేచి, ఆవిడ ఒక్కతే రుబ్బింది.

ఎదురింట్లో లక్ష్మీదేవమ్మ కూడా పిండే అమ్మేది. ఆమెకు బోర్డు లేదు, నోరుంది. "ఏం నాగేంద్రమ్మా, మీ శ్రీశైలం బ్రాంచి మేనేజరు ఇంకా నిద్ర లేచినట్టు లేడే?" అని వీధంతా వినేలా అరిచేది. ఈవిడ తక్కువ తినలేదు. "లేచి నిన్నే అడుగుతాండాడు, పాకీ పనికి మనిషి కావాలంట" అనేది. వాళ్ళిద్దరి మధ్య వీధి పన్నెండడుగులే గానీ, పన్నెండేళ్ళలో ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఇక గ్రైండరు. 2006లో పాతది చచ్చిపోతే తేజేశ్వర్ హోమ్ నీడ్స్ అనే కొట్లో పది లీటర్ల టిల్టింగు గ్రైండరు కొన్నది. తేజేశ్వర్ శెట్టి పెద్దమనిషే, బిల్లు ఎవరి పేరున రాయమంటారని అడిగాడు. నాగేంద్రమ్మ గొంతు సవరించుకుని, బోర్డు మీద ఉన్నదంతా అక్షరం పోకుండా రాయించింది. బ్రాంచీలు కూడా రాయమన్నదట, బిల్లులో చోటు చాల్లేదు కాబట్టి సరిపోయింది.

ఆ గ్రైండరు నడిచేది. నేను ఎగతాళికి అనడం లేదు, నిజంగానే నడిచేది. స్విచ్చి వెయ్యగానే గడగడ వణికి, గోడ దగ్గర్నుంచి బయలుదేరి, పిండి తుళ్ళించుకుంటూ గడపవైపు పోయేది. వైరు అందినంత దూరం పోయి, ప్లగ్గు ఊడబీక్కుని, అక్కడ ఆగేది. ఆవిడ దానికి ఎదురుగా నిలబడి రెండు చేతులతో నెట్టుకుంటూ రుబ్బేది. కొట్టుకు పోయి చెబితే మెకానిక్కు వచ్చాడు. అటూ ఇటూ చూసి, ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత అది అట్టముక్కతో సహా నడిచింది. నాలుగోసారి పోయినప్పుడు తేజేశ్వర్ విసుక్కున్నాడు. "మీ ఇంటి నేలే వాలుగా ఉందేమో చూసుకోండమ్మా."

అంతే, ఆవిడ నా మెట్ల కిందికి వచ్చింది. చంకలో అట్టముక్క, చేతిలో గిన్నెడు పిండి.

"నారాయణప్పా, కేసు రాయప్పా. నా నేల వాలంట! ఇదిగో అట్ట, ఇదిగో పిండి. ఈ రెండూ జడ్జీకి చూపియ్యాల."

"పిండి పులిసిపోతుందమ్మా. కాగితాలేవి?"

బిల్లు, వారంటీ కార్డు ఇచ్చింది. బిల్లు మీది పేరు రెండుసార్లు చదివాను. ముందు కొట్టుకు రిజిస్టరు పోస్టులో నోటీసు పంపించాను. రసీదు కార్డు తిరిగొచ్చింది, జవాబు రాలేదు. అప్పుడు ఫిర్యాదు టైపు చెయ్యడానికి కూర్చున్నాను. ఒకటో ప్రతివాది తేజేశ్వర్ హోమ్ నీడ్స్, రెండో ప్రతివాది గ్రైండరు తయారు చేసిన కంపెనీ. అంతా రాసి, ముఖ్యమైన వాక్యం దగ్గరికి వచ్చాను. "ఫిర్యాదుదారు ఈ యంత్రమును కేవలం తన జీవనోపాధి కొరకు, స్వయం ఉపాధిగా, ఒంటరిగా పని చేయుటకు కొనినది."

చదివి వినిపించగానే ఆవిడ లేచి నిలబడింది.

"అది కొట్టేయప్పా."

"ఇదే ప్రాణమమ్మా. వ్యాపారం కోసం కొన్నోళ్ళు ఫోరంకు రాకూడదు. నీ చేత్తో నువ్వు పని చేసుకుని బతకడానికి కొంటే రావచ్చు. ఆ సంగతి మనమే చెప్పాల."

"ఒంటరి అని రాసినావంటే రేపు హోటలోళ్ళు పిండి మానేస్తారు. ఆ లక్ష్మీదేవమ్మ టముకు ఏయిస్తాది. వద్దు. నాగేంద్రమ్మ అండ్ సన్స్ అని రాయి."

"సన్స్ యాడుండారమ్మా నీకు?"

"నీకెందుకప్పా అయన్నీ? నువ్వు టైపు కొట్టు."

ఆ వాక్యం తీసేసి, ఆవిడ చెప్పినట్టే కొట్టాను. నా జన్మలో అంత కసిగా ఎప్పుడూ కొట్టలేదు, సున్నాలున్న చోటల్లా కాగితానికి చిల్లులు పడ్డాయి. వంద రూపాయల పోస్టలార్డరు జత చేసి, కాపీలు ఫోరం ఆఫీసులో ఇచ్చాం. అట్టముక్కను కూడా దాఖలు చేసుకోమని ఆవిడ గుమాస్తాతో అరగంట గొడవపడింది. ఆయన దాన్ని విసనకర్రగా వాడుకుని తిరిగిచ్చేశాడు.

నోటీసులు వెళ్ళాయి. కంపెనీ తరఫున ఎవరూ రాలేదు, వాళ్ళు లేకుండానే కేసు నడిచేలా ఎక్స్‌పార్టీ చేశారు. తేజేశ్వర్ మాత్రం కిరణ్‌కుమార్ అనే లాయరును పెట్టుకుని కౌంటరు వేశాడు. నేను భయపడినట్టే రాశారు. ఈ ఫిర్యాదుదారు పెద్ద వ్యాపార సంస్థ, మూడు ఊళ్ళలో శాఖలున్నవి, లాభాల కోసం యంత్రం కొన్నారు, చట్టప్రకారం వినియోగదారే కాదు, కనుక ఫిర్యాదు కొట్టేయవలెను. రుజువుగా ఎగ్జిబిట్ బి-1, ఆ పచ్చ బోర్డు ఫోటో, రంగుల్లో.

నాగేంద్రమ్మ ఫోటోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"శానా బాగా వచ్చిందప్పా. మనకొక కాపీ ఇస్తారేమో అడుగు."

నేను తల పట్టుకున్నాను. "అమ్మా, నా మాట విను. బోర్డు నిజమంటే కేసు పోయింది. బోర్డు అబద్ధమంటే కేసు నిలబడ్తాది. రెండూ కావాలంటే కుదరదు."

ఆవిడ ఫోటో మడిచి బొడ్లో దోపుకుంది. "బోర్డు దించేది లేదు. కేసు ఇడిసేది లేదు" అని వెళ్ళిపోయింది.

గ్రైండరులో లోపముందో లేదో తేల్చమని నేను ఒక దరఖాస్తు కొట్టిచ్చాను. ఫోరం వారు శిల్ప అనే కుర్ర లాయరమ్మను కమిషనరుగా వేసి, ఒక మెకానిక్కును తోడు తీసుకుపొమ్మన్నారు. ఇరుపక్షాల ముందూ నాగేంద్రమ్మ ఇంట్లోనే తనిఖీ జరిగింది. ముందు నేల మీద రసమట్టం పెట్టి చూశారు. బుడగ నట్టనడుమ నిలబడింది. తేజేశ్వర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత పప్పు పోసి స్విచ్చి వేశారు. లాయరమ్మ దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని రాసుకుంటోంది. గ్రైండరు ఆమెనే చూసుకుని బయలుదేరింది. మొదట ఆమె కాళ్ళు ముడుచుకుంది, తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుంది, ఆఖరికి కేకేసి మంచమెక్కింది. మంచం మీద నిలబడే రిపోర్టు పూర్తి చేసింది. యంత్రం మూడు నిమిషాల్లో నాలుగడుగుల రెండంగుళాలు ప్రయాణించెను. షాఫ్టు వంగి ఉన్నట్లు, డ్రమ్ము నడిమధ్య తిరగనట్లు మెకానిక్కు చెప్పెను. తయారీలోనే లోపం.

ఇక గెలిచేశామని నాగేంద్రమ్మ అనుకుంది. వాదనల రోజు చూడాలి. రెండు ఆటోలు మాట్లాడి వీధిలో ఆడవాళ్ళందర్నీ ఫోరంకు తీసుకొచ్చింది. జరీ చీర కట్టి, పూలు పెట్టుకుని, పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు వచ్చింది. లక్ష్మీదేవమ్మను పిలవలేదు. ఆమె తన సొంత ఖర్చుతో మూడో ఆటోలో వచ్చి, వెనక బల్ల మీద కూర్చుంది. ఇంత తమాషా ఆమె వదులుకుంటుందా?

ఫోరంలో ముగ్గురుంటారు. అధ్యక్షులు, ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు ఆడమనిషి. కిరణ్‌కుమార్ లేచాడు. గ్రైండరు నడుస్తుందా ఎగురుతుందా అన్నది అనవసరమన్నాడు. ముందు ఈమె వినియోగదారు అవునా కాదా తేల్చమన్నాడు. బి-1 ఫోటో పైకెత్తి, బిల్లు చదివి, ఫిర్యాదులో స్వయం ఉపాధి అన్న ముక్కే లేదన్నాడు. నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది.

అధ్యక్షులు కళ్ళజోడు పైనుంచి చూశారు. "అమ్మా, నాగేంద్రమ్మగారూ. మీకు లాయరు లేరు కాబట్టి మేమే అడుగుతున్నాం. ఈ బోర్డు మీదేనా?"

"మాదే సార్."

"మీ కొడుకులు ఎంతమంది?"

నాగేంద్రమ్మ వెనక్కి తిరిగి వీధి ఆడవాళ్ళ వైపు చూసింది. వాళ్ళలో వెనకగా లక్ష్మీదేవమ్మ, మెడ సాచి, నోరు సగం తెరిచి. ఆ క్షణంలో నాకు నాగేంద్రమ్మ మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. పోనీలే తల్లీ, కేసు పోతే పోనీ, అబద్ధమే చెప్పేయి అనిపించింది.

"ఒక కూతురు సార్" అందామె. గొంతు చాలా చిన్నదైంది. "హాస్టల్లో ఉండి డిగ్రీ సదువుతాండాది."

"ఆలూరు బ్రాంచి?"

"మా చెల్లెలిల్లు."

"రాజంపేట?"

"ఆడబిడ్డ ఉండాది సార్. మాతో మాట్లాడదు."

"శ్రీశైలం?"

"అది దేవునిది సార్. నేను ఒక్క తూరి దోసెలు పోసినా."

సభ్యురాలు ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకున్నారు. అధ్యక్షులు మాత్రం నవ్వలేదు. "మరి మీరు ఫిర్యాదులో రాసిన ముప్ఫై కిలోల పిండి రోజూ ఎవరు రుబ్బుతారు?"

"నేనే సార్. నేనొక్కదాన్నే."

"జ్వరమొస్తే?"

ఆవిడ కొంగు తీసి కళ్ళు తుడుచుకుంది. "జొరమొస్తే జొరంతోనే రుబ్బుతా సార్. ఒంటిదాన్నని తెలిస్తే ఎవరూ ఆర్డరియ్యరని బోర్డు రాయిచ్చినా. తప్పే. రాసినోనిది కాదు, నాదే తప్పు."

కిరణ్‌కుమార్ ఊరుకోవచ్చు గదా. "అయ్యా, ఇది కేసు కోసం కల్పించిన కథ. ఒక్క ఆడమనిషి పన్నెండేళ్ళు రోజూ ముప్ఫై కిలోలు రుబ్బిందంటే నమ్మేదెలా? చూసినవాళ్ళెవరు?" అన్నాడు.

"నేను సూసినా!"

వెనక బల్ల మీది నుంచి లక్ష్మీదేవమ్మ లేచింది. గుమాస్తా కూర్చోమంటున్నా వినలేదు. "నేను ఎదురింటిదాన్ని సార్. పన్నెండేండ్లుగా నాలుగ్గంటలకు ఆ యమ్మ ఇంట్లో లైటేస్తే, పనిమనిషిని పెట్టుకున్నాదేమో అని కిటికీలో నుంచి రోజూ సూస్తాండా. ఒక్క నరపురుగు రాలేదు. మొన్నటి సంవత్సరం కాలు ఇరిగితే ఒంటి కాలు మీద నిలబడి రుబ్బింది. ఒక్క దినం మానలేదు. మానింటే ఆ హోటళ్ళు నాకొచ్చింటాయి గదా సార్! మానదే!"

ఆ చివరి మాటలో ఎంత బాధ ఉందంటే, అబద్ధమని ఎవరూ అనలేరు. అధ్యక్షులు ఆమెను కూర్చోమని గట్టిగానే మందలించారు. ఇక్కడ నోటిమాటలు రికార్డుకు ఎక్కవనీ, ఫిర్యాదుదారు చెప్పిందీ, ఈమె చెప్పిందీ విడివిడిగా అఫిడవిట్లుగా దాఖలు చేయమనీ, ఎదుటిపక్షం దానికి జవాబివ్వవచ్చుననీ చెప్పి వాయిదా వేశారు.

ఆ మధ్యాహ్నం నా మెట్ల కింద ఇద్దరూ చెరొక స్టూలు మీద, ఒకరికొకరు వీపులు పెట్టుకుని కూర్చున్నారు. లక్ష్మీదేవమ్మ అఫిడవిట్టులో "కిటికీలో నుంచి పొంచి చూచుచుంటిని" అని రాశాను. "పొంచి" తీసేయమని ఆమె గొడవ. తియ్యొద్దని ఈవిడ గొడవ. ఆఖరికి "గమనించుచుంటిని" అని కొట్టాను, ఇద్దరికీ నచ్చలేదు. ఆలస్యం లేకుండా రెండూ దాఖలు చేశాం.

నెలన్నరకు ఆర్డరొచ్చింది. ప్రతివాదులిద్దరూ కలిసి గానీ, ఎవరో ఒకరు గానీ గ్రైండరు ధర తొమ్మిది శాతం వడ్డీతో వాపసు చేయాలి, మనోవేదనకు రెండు వేలు, ఖర్చులకు వెయ్యి ఇవ్వాలి, నెలలోగా. గ్రైండరును కొట్టువారు తీసుకుపోవచ్చు. తేజేశ్వర్ హైదరాబాదు దాకా అప్పీలుకు పోతాడేమో అనుకున్నాను. పోలేదు. డబ్బు కట్టి, మనుషుల్ని పంపి గ్రైండరును మోయించుకుపోయాడు. "దాన్ని మోసేదెందుకు, స్విచ్చేస్తే అదే వస్తాది గదా" అని నాగేంద్రమ్మ గడపలో నిలబడి అరిచింది. ఆవిడ మళ్ళీ మామూలు మనిషైపోయిందని నాకు సంతోషం కలిగింది.

కొత్త గ్రైండరు ఇంకో కొట్లో కొన్నది. బిల్లు మీద "నాగేంద్రమ్మ" అని మాత్రం రాయించింది. ఆర్డరు కాపీకి ప్లాస్టిక్కు తొడుగు వేయించి గోడకు తగిలించింది. అందులో ఏడో పేరాను ఎవరొచ్చినా చదివించేది. ఫిర్యాదుదారు పన్నెండు సంవత్సరములుగా ఒక్క దినము మానక, స్వహస్తములతో కష్టించి జీవించుచున్నట్లు రుజువైనది, అని ఉంటుంది. ఆవిడ ఇన్నేళ్ళ బతుకులో ఆవిడ గురించి గవర్నమెంటు కాగితం మీద ఎక్కిన నిజం అదొక్కటే. చదివినవాళ్ళు చాలు అనేదాకా వదిలేది కాదు. అబద్ధానికి పోయిన గొప్పలే ఇప్పుడు నిజానికి పోతోంది, మనిషి మారిందని నేనెక్కడా చెప్పలేదు.

భయపడినట్టే ఒక హోటలు పోయింది. మిగతా రెండూ నిలిచాయి. ఆ చలికాలంలో ఆవిడకు నిజంగానే జ్వరం వచ్చింది, విషజ్వరం, లేవలేని జ్వరం. నాలుగ్గంటలకు ఇంట్లో లైటు వెలగలేదు. కిటికీలో నుంచి గమనించుచున్న మనిషి పది నిమిషాలు ఆగి, వీధి దాటి, పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ గడప తొక్కింది. తొక్కుతూనే తిట్టిందట. "సచ్చినావా ఉండావా? పప్పు యాడ నానబెట్టినావు?" వారం రోజులు రెండిళ్ళ పిండీ ఆమే రుబ్బి, హోటళ్ళకు ఆమే పంపింది. ఆ వారం వచ్చిన దుడ్లు నయాపైసతో సహా తెచ్చి మంచం మీద పడేసింది.

పండగ ముందు నేనా వీధిలో పోతుంటే కంబన్న నిచ్చెన మీద ఉన్నాడు. బోర్డంతా తుడిచేసి "నాగేంద్రమ్మ. దోసె పిండి" అని రాశాడు. దాని కింద "బ్రాంచి" అని ఇంకొక వరుస మొదలుపెట్టాడు. నాగేంద్రమ్మ కింద నిలబడి, ఇంకా శాలువా కప్పుకునే, అక్షరం అక్షరానికీ వంకలు పెడుతోంది.

"మళ్ళా బ్రాంచీ ఏందమ్మా?" అన్నాను, ఒళ్ళు మండిపోయి. "ఫోరంలో ఏడ్చింది మరిసినావా?"

"ఈ తూరి నిజమేలేప్పా" అందామె. "కావాలంటే అఫిడవిట్టు కొట్టు, సంతకం పెడ్తా."

కంబన్న కుంచె తీశాక చదివాను. "బ్రాంచి: ఎదురిల్లు."